గోదావరి మీద ఓ త్రిభుజం: సైనా, కొసైనా?

ఇంటర్ ఎంపీసీ చదివిన వాళ్ళందరికీ "త్రిభుజ ధర్మాలు" అనే చాప్టర్ గుర్తుండే ఉంటుంది. సైన్ నియమం, కొసైన్ నియమం, టాన్జెంట్ నియమం, ఆ తర్వాత అర్ధకోణాల సూత్రాల దండకం. ఎంసెట్ కోసం అన్నీ బట్టీ కొట్టేశాం. ఏ లెక్కకి ఏ సూత్రం వాడాలంటే ఓ చిట్కా ఉండేది: భుజం, దాని ఎదురుకోణం జంటగా ఇస్తే సైన్, లేకపోతే కొసైన్. చిట్కా సరైనదే, మార్కులూ వచ్చాయి. కానీ అసలు ఇన్ని సూత్రాలు ఎందుకు, ఎవరికి ఏది కావాల్సొచ్చింది అన్న ప్రశ్నకి ఆ పుస్తకంలో జవాబు లేదు.

నాకు తెలిసినంతలో ఆ జవాబు చరిత్రలో ఉంది. మరీ చెప్పాలంటే భూమి కొలిచిన వాళ్ళ చరిత్రలో. ఏది కొలవడం తేలిక, ఏది కొలవడం కష్టం అన్నదాన్ని బట్టే ఏ నియమం వాడాలో తేలింది. మాది రాజమండ్రి కాబట్టి గోదావరి గట్టు మీద నుంచే మొదలుపెడతాను. మీ ఊళ్ళో ఏ చెరువైనా పెట్టుకోండి, లెక్క మారదు.

ఏటికి అడ్డంగా గొలుసు వెయ్యలేం

రాజమండ్రి దగ్గర గోదావరి వెడల్పెంత? ఇప్పుడైతే వంతెన పొడవు చూసి చెప్పేయొచ్చు. 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన సుమారు 2.7 కిలోమీటర్లు. కానీ 1900లో హేవలాక్ వంతెన మీద రైళ్ళు నడిచే దాకా ఇక్కడ ఏ వంతెనా లేదు. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1847 నుంచి 1852 వరకూ, ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకల్ని కలుపుకుంటూ. అలాంటి ఏటికి అడ్డంగా గొలుసు పట్టుకుని కొలవడం అయ్యే పని కాదు కదా. అటు గట్టు మీదున్న గుడి గోపురం మాత్రం ఇటు నుంచి చక్కగా కనిపిస్తుంది.

కాబట్టి దూరం కొలవలేం, కోణం కొలవగలం. అప్పుడేం చేస్తారో చూద్దాం. అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవే.

రాజమండ్రి గట్టు మీద A, B అని రెండు రాళ్ళు పాతాం. వాటి మధ్య దూరం గట్టి నేల మీద గొలుసుతో జాగ్రత్తగా కొలిస్తే 1000 మీటర్లు వచ్చింది. కొవ్వూరు వైపు గట్టు మీద ఓ గోపురం శిఖరం C. A దగ్గర థియోడొలైట్ పెట్టి B కీ C కీ మధ్య కోణం చూస్తే 84 డిగ్రీలు. పరికరాన్ని B దగ్గరకి మోసుకెళ్ళి చూస్తే అక్కడ 75 డిగ్రీలు. C దగ్గర మిగిలింది 21 డిగ్రీలు. ఇక సైన్ నియమం:

```
a / sin A = b / sin B = c / sin C

AC = 1000 × sin 75° / sin 21° = 2695.3 మీ.
వెడల్పు = AC × sin 84° = 2680.6 మీ.
```

ఏట్లో కాలు పెట్టకుండా వెడల్పు వచ్చేసింది. కానీ ఇక్కడే ఓ సంగతి చూడండి. C దగ్గర కోణం 21 డిగ్రీలే, అంటే త్రిభుజం సన్నగా, కొనదేలి ఉంది. A దగ్గర కోణం చదవడంలో ఒక్క నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, తేడా వస్తే AC దాదాపు 2 మీటర్లు మారిపోతుంది. అందుకే సర్వేయర్లు మూడు కోణాలూ అటూ ఇటూగా సమానంగా ఉండే త్రిభుజాల కోసం వెతుకుతారు. ఏ కోణమూ 30 డిగ్రీల కంటే తగ్గకుండా చూసుకోవడం వాళ్ళ పాత అలవాటు. మన గట్టు మీద ఆధారరేఖ ఇంకా పొడుగ్గా తీసుకోగలిగితే లెక్క ఇంకా గట్టిగా నిలబడుతుంది.

లాంబ్టన్ కొన్ని గీతలు, వేల కోణాలు

ఇదే పనిని దేశమంతటికీ చేసిన వాళ్ళున్నారు. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఓ ఆధారరేఖ కొలవడం మొదలెట్టాడు. పొడవు సుమారు ఏడున్నర మైళ్ళు. వంద అడుగుల ఉక్కు గొలుసు. ఎండకి ఉక్కు సాగుతుంది కాబట్టి గొలుసుని చెక్క పెట్టెల్లో పరిచి, ఉష్ణోగ్రత చూసుకుంటూ, అటూ ఇటూ మట్టం సరిచేసుకుంటూ ముందుకి జరపాలి. ఇలా దాదాపు నాలుగు వందల సార్లు. ఏడున్నర మైళ్ళకే వారాల తరబడి పట్టింది.

అంత కష్టం కాబట్టి దూరాన్ని ఎక్కడో కొన్ని చోట్లే కొలిచి, మధ్యలో అంతా కోణాలతోనే లాక్కొచ్చారు. మొదటి త్రిభుజంలో లెక్కగట్టిన భుజమే రెండో త్రిభుజానికి ఆధారం. దాని భుజం మూడోదానికి. కోణాలు చూడ్డానికి లండన్‌లో కేరీ తయారుచేసిన పెద్ద థియోడొలైట్ ఉండేది. అడ్డంగా ఉండే వృత్తమే మూడడుగులు, బరువు దాదాపు అర టన్ను. దాన్ని కొండల మీదకి, గుడి గోపురాల మీదకి ఎక్కించారు. ఈ త్రిభుజాల గొలుసు దక్షిణాది దాటి నిజాం రాజ్యంలోకి వచ్చింది. 1818లో హైదరాబాదులో లాంబ్టన్‌కి సహాయకుడిగా చేరిన కుర్రాడే జార్జ్ ఎవరెస్ట్. మరుసటేడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కోణాలు చూస్తూ జ్వరాన పడి, కోలుకోడానికి ఆఫ్రికా కొస దాకా వెళ్ళాల్సొచ్చింది ఆయనకి. శిఖరానికి ఆయన పేరు పెట్టింది చాలా తర్వాత. ముందు పేరు తెచ్చుకున్నది మన అడవి జ్వరమే.

ఆ తర్వాత కలకత్తా నుంచి మద్రాసు దాకా తూర్పుతీరం వెంబడి ఇంకో త్రిభుజాల వరుస నడిచింది. దాని కోసం 1862-63లో విశాఖపట్నం దగ్గర ఆధారరేఖ కొలిచారు. దీని పని రెండు రకాలు. ఎక్కడో దూరంగా మొదలై త్రిభుజాల మీదుగా వచ్చిన లెక్క ఇక్కడ ఈ గీత ఇంత పొడవుండాలి అంటుంది. నేల మీద నిజంగా కొలిస్తే ఎంతుందో చూస్తారు. తేడా ఎంత తక్కువైతే మధ్యలో ఉన్న కోణాలన్నీ అంత బాగా చూసినట్టు. మన భాషలో చెప్పాలంటే చెక్‌సమ్ అన్నమాట.

ఇంత పనిలో కొసైన్ నియమం ఎక్కడా పెద్దగా కనబడదు. మొదటి కారణం చూశాం: ఒక భుజం, అన్ని కోణాలు చేతిలో ఉన్నప్పుడు సైన్ నియమమే దారి. రెండో కారణం లాగరిథమ్ పట్టికలు. 1614లో నేపియర్ వాటిని అచ్చు వేయించిన దగ్గర్నుంచి కాలిక్యులేటర్లు వచ్చే దాకా లెక్కగాళ్ళ బతుకంతా ఆ పట్టికల్లోనే. లాగరిథమ్ గుణకారాన్ని కూడికగా, భాగహారాన్ని తీసివేతగా మార్చేస్తుంది. సైన్ నియమంలో ఉన్నవి ఆ రెండే. పై లెక్కే చూడండి:

```
log AC = log 1000 + log sin 75° − log sin 21°
       = 3.00000 − 0.01506 + 0.44567
       = 3.43061      →  AC = 2695.3
```

మూడు సార్లు పట్టిక చూసి, ఓ కూడిక, ఓ తీసివేత చేసి, మళ్ళీ పట్టిక చూస్తే అయిపోయింది. అదే కొసైన్ నియమం తీసుకోండి:

```
a² = b² + c² − 2bc·cos A
```

మధ్యలో ప్లస్, మైనస్ ఉన్నాయి. కూడికకి లాగరిథమ్ లేదు. ప్రతి ముక్కనీ విడిగా పట్టికలోంచి బయటకి తీసి, కూడి, మళ్ళీ పట్టికలోకి తోసి వర్గమూలం తీయాలి. ఈ బాధ పడలేకే రెండు భుజాలు, మధ్య కోణం ఇచ్చినప్పుడు టాన్జెంట్ నియమం, మూడు భుజాలు ఇచ్చినప్పుడు అర్ధకోణ సూత్రాలు వాడారు. వాటిలో ఉన్నవి దాదాపు అన్నీ గుణకారాలు, భాగహారాలే. (b−c), (b+c) లాంటివి ముందే చేతితో చేసుకోవచ్చు. మనం ఇంటర్లో "ఈ టాన్ బై టూలు ఎందుకురా బాబూ" అనుకుంటూ బట్టీ పట్టినవి లాగరిథమ్ కాలం మిగిల్చి వెళ్ళిన సామాన్లన్నమాట. ఇల్లు ఖాళీ అయినా అటక మీద ఉండిపోయాయి.

కరణం గారి గొలుసు

ఐతే కథకి ఇంకో వైపుంది. కొండల మీద దొరలు థియోడొలైట్ తిప్పుతుంటే, కింద పొలాల్లో కొలతలు ఇంకో రకంగా జరిగాయి. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ సర్వేలో ప్రతి సర్వే నంబరుకీ ఓ పటం తయారైంది. దాన్నే ఎఫ్‌ఎంబీ అంటారు. మీ ఊళ్ళో పొలం తగాదా వచ్చినప్పుడు సర్వేయరు గారు పట్టుకొచ్చే కాయితం అదే. ఎప్పుడైనా దాన్ని దగ్గరగా చూశారా? పొలం ఏ ఆకారంలో ఉన్నా అడ్డంగా మూలల నుంచి మూలలకి గీతలు గీసి త్రిభుజాలు చేస్తారు. వాటిని జీ-లైన్లు అంటారు. ప్రతి గీత మీదా పొడవు రాసుంటుంది. గట్టు ఒంపులు తిరిగిన చోట గీత నుంచి లంబంగా చిన్న కొలతలుంటాయి. కోణం మాత్రం ఒక్కటి కూడా కనబడదు.

ఎందుకంటే పొలంలో గొలుసు వెయ్యడం తేలిక. ఇద్దరు మనుషులు, ఓ గొలుసు చాలు. ప్రతి పొలానికీ థియోడొలైట్ ఎవరిస్తారు? మూడు భుజాలూ తెలిస్తే త్రిభుజం ఇంక కదలదు. ఇది కొసైన్ నియమం రాజ్యం. వైశాల్యం చాలు అనుకుంటే కోణంతో పనే లేదు. కానీ ఆ పటాన్ని ఇవాళ కంప్యూటర్లోకి ఎక్కించి ప్రతి మూలకీ కోఆర్డినేట్లు ఇవ్వాలంటే మొదట కావాల్సింది కోణమే:

```
cos A = (b² + c² − a²) / (2bc)
```

ఈ నియమం పుట్టుకలో కూడా పెద్దదే. క్రీస్తుకి పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ రెండో పుస్తకంలోనే గుంట కోణానికి ఒకటి, కురుచ కోణానికి ఒకటి అని రెండు సిద్ధాంతాలుగా ఉంది, కొసైన్ అన్న మాట లేకుండానే. సమతల త్రిభుజాలకి సైన్ నియమాన్ని స్పష్టంగా చెప్పి నిరూపించింది పదమూడో శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ. సైన్ అన్న మాటకి మూలం మాత్రం మన సంస్కృతం "జ్యా". 499లో ఆర్యభటుడు ఇచ్చిన ఇరవైనాలుగు అర్ధజ్యల పట్టిక నుంచి అరబ్బుల చేతుల మీదుగా, లాటిన్ తప్పు అనువాదం మీదుగా తిరిగి తిరిగి మళ్ళీ మనకే "సైన్" అని వచ్చింది.

సరే, లెక్క తేలింది కదా. పైన కోణాలు చవక కాబట్టి సైన్. కింద దూరాలు చవక కాబట్టి కొసైన్. ఒకే దేశం, ఒకే కాలం, ఒకే భూమి. మరి సగం అదీ సగం ఇదీ కలిపేస్తే?

గుంజకి కట్టిన గేదె

అక్కడే ఉంది తిరకాసు. రెండు భుజాలు, వాటి మధ్యన లేని కోణం ఒకటి ఇస్తే వచ్చే సందిగ్ధ సందర్భం. ఇంటర్లో దీన్ని ఓ ట్రిక్ బిట్టులా నేర్పారు. నిజానికి ఇది నేల మీద ఎలా వస్తుందో చూద్దాం.

గోదావరి లంకల సంగతి తెలిసిందే. వరదకి ఓ పక్క కోసుకుపోతుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. హద్దు రాయి పోతుంది. మళ్ళీ పాతాలంటే ఒడ్డున ఉన్న రాళ్ళ నుంచి లెక్కగట్టాలి. అలాంటి ఓ లంక మీద C అనే హద్దు రాయి పోయిందనుకుందాం. ఒడ్డున A, B రాళ్ళు భద్రంగా ఉన్నాయి, మధ్య 1000 మీటర్లు. పాత కాయితాల్లో మిగిలింది రెండు ముక్కలే. A దగ్గర AB కీ AC కీ మధ్య కోణం 40 డిగ్రీలు. ఎండాకాలం ఇసుక మేటల మీదుగా గొలుసు వేసి B నుంచి C కి కొలిచిన దూరం 700 మీటర్లు. C ఎక్కడ?

భుజం, ఎదురుకోణం జంటగా ఉన్నాయి కాబట్టి చిట్కా ప్రకారం సైన్ నియమం:

```
sin C = 1000 × sin 40° / 700 = 0.91827
C = 66.67°   లేదా   180° − 66.67° = 113.33°
```

రెండూ కుదురుతాయి. మొదటిదైతే AC 1043.2 మీటర్లు, రెండోదైతే 488.9 మీటర్లు. రెండు చోట్లూ A నుంచి చూస్తే ఒకే చూపు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. రెండింటికీ B నుంచి దూరం సరిగ్గా 700. మధ్య తేడా 554 మీటర్లు! లంకలో అరకిలోమీటరు అంటే ఒక ఊరి పొలం ఇంకో ఊరి పొలం అయిపోతుంది.

ఎందుకిలా అవుతుందో బొమ్మ లేకుండానే చెప్పొచ్చు. B దగ్గర గుంజ పాతి 700 మీటర్ల తాడుతో గేదెని కట్టేశామనుకోండి. తాడు బిగించుకుని అది గుండ్రంగా తిరుగుతుంది. A నుంచి 40 డిగ్రీల్లో ఓ తిన్నని బాట ఉంది. గేదె ఆ బాటని వెళ్ళేటప్పుడు ఓసారి, వచ్చేటప్పుడు ఓసారి దాటుతుంది. ఎక్కడ దాటింది అని అడిగితే రెండు చోట్లు చెప్పాలి మరి. B నుంచి ఆ బాటకి ఉన్న దగ్గరి దూరం 1000 × sin 40°, అంటే 642.8 మీటర్లు. తాడు అంతకన్నా చిన్నదైతే గేదె బాటని తాకనే తాకదు, త్రిభుజమే లేదు, కొలతలోనే తప్పుంది. సరిగ్గా అంతే అయితే ఒక్క చోట ముట్టుకుని వెళ్తుంది. 642.8 కీ 1000 కీ మధ్యలో ఉంటే రెండు చోట్లు. 1000 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మళ్ళీ ఒక్క చోటే, ఎందుకంటే రెండో చోటు A మీద గానీ A వెనక్కి గానీ పోతుంది.

ఇదే లెక్కని కొసైన్ నియమంతో చేస్తే సందిగ్ధం దాక్కోదు. తెలియనిది b (అంటే AC) అనుకుని రాస్తే వర్గ సమీకరణం వస్తుంది:

```
b² − 2·1000·cos 40°·b + (1000² − 700²) = 0
b = 766.04 ± 277.17
b = 1043.21  లేదా  488.87
```

ప్లస్-మైనస్ గుర్తు మన కళ్ళ ముందే ఉంది. వర్గమూలం లోపల ఋణసంఖ్య వస్తే త్రిభుజం లేదు, సున్నా వస్తే ఒకటే, b లలో ఒకటి ఋణమైతే దాన్ని వదిలెయ్యాలి. అన్ని కేసులూ ఒకే సూత్రంలో కనబడతాయి. అందుకే ఇలాంటి లెక్కకి నా ఓటు కొసైన్‌కే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, దీన్ని పుస్తకాలు ఎక్కువగా చెప్పవు. తాడు 700 బదులు 643 మీటర్లు అనుకోండి. దగ్గరి దూరం కన్నా ఇరవై సెంటీమీటర్లే ఎక్కువ. జవాబులు 749.5, 782.6. గొలుసు కొలతలో ఆ ఇరవై సెంటీమీటర్లు పొరపాటైతే C ఓ పదహారు మీటర్లు అటైనా జరుగుతుంది, ఇటైనా జరుగుతుంది. C దగ్గర కోణం 90 కి దగ్గరైన కొద్దీ సైన్ విలువ దాదాపు కదలదు, కోణం మాత్రం కదిలిపోతుంది. అంటే రెండు జవాబులు దగ్గరగా వచ్చాయి కదా అని సంతోషించడానికి లేదు. ఆ రెండూ నమ్మదగినవి కావు.

మరి రెండిట్లో ఏదో తేల్చడం ఎలా? ఇంకెన్ని సూత్రాలు రాసినా తేలదు. ఇంకో కొలత కావాల్సిందే. B దగ్గర కోణం చూస్తే ఒకదానికి 73.3 డిగ్రీలు, రెండోదానికి 26.7 డిగ్రీలు. అంత తేడా ఉంటే థియోడొలైట్ కూడా అక్కర్లేదు, కంటితో చూసినా తెలిసిపోతుంది. లాంబ్టన్, ఆయన తర్వాత వచ్చిన వాళ్ళు పెద్ద త్రిభుజాల్లో వీలైనంత వరకూ రెండు కోణాలతో సరిపెట్టుకోకుండా మూడూ కొలిచారు. ఒక భుజం, రెండు కోణాలు ఉంటే సందిగ్ధం ఎలాగూ రాదు, మూడోది తప్పులు పట్టుకోవడానికి. మూడోది కొలవడానికి ఇంకో కొండ ఎక్కాలి, ఇంకో వారం మబ్బు తొలగే దాకా కూర్చోవాలి. ఆ ఖర్చుతోనే తప్పులు దాక్కోకుండా చూసుకున్నారు.

asin మౌనం

ఇక మన సంగతి. లాగరిథమ్ పట్టికలు పోయాయి, కొసైన్ లెక్కకి కష్టమేమీ లేదు. దూరాలు కూడా చవకైపోయాయి. టోటల్ స్టేషన్ ఒకే మీట నొక్కితే కోణం, దూరం రెండూ ఇస్తుంది. 2020లో ఆంధ్రాలో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహాల సంకేతాలు వాడారు. కాబట్టి సందిగ్ధం చచ్చిపోయిందనుకుంటాం. చావలేదు. కోడ్‌లోకి దూరింది.

పై త్రిభుజమే మళ్ళీ తీసుకుందాం. ఈసారి సందిగ్ధం ఏమీ లేదు. AC = 488.87, AB = 1000, మధ్య కోణం 40 డిగ్రీలు. రెండు భుజాలు, మధ్య కోణం ఇస్తే త్రిభుజం ఒక్కటే. కొసైన్‌తో మూడో భుజం తీస్తే 700 వస్తుంది. ఇంక కోణమే కదా అని చాలామంది సైన్ నియమానికి వెళ్ళిపోతారు, చిన్నగా ఉంటుందని.

```python
from math import *
b, c, A = 488.87, 1000.0, radians(40)
a = sqrt(b*b + c*c - 2*b*c*cos(A))

degrees(asin(c*sin(A)/a))                 # 66.67
degrees(acos((a*a + b*b - c*c)/(2*a*b)))  # 113.33
degrees(atan2(c*sin(A), b - c*cos(A)))    # 113.33
```

మొదటి జవాబు తప్పు. `asin` ఎప్పుడూ −90 నుంచి 90 డిగ్రీల లోపలే జవాబిస్తుంది. గుంట కోణం ఉందని దానికి తెలిసే దారే లేదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. పైగా మూడో కోణాన్ని 180 లోంచి తీసేసి రాబట్టామంటే మూడూ కలిపి సరిగ్గా 180 వస్తాయి. టెస్ట్ పాసైపోతుంది! లాంబ్టన్ కాలంలో మూడు కోణాలు కూడితే వచ్చే 180 నిజమైన పరీక్ష, ఎందుకంటే మూడూ విడివిడిగా కొలిచినవి. మన కోడ్‌లో వచ్చే 180 మనమే పెట్టుకున్నది. అది దేన్నీ పరీక్షించదు.

తప్పు పట్టుకునే దారి ఇంకోటి ఉంది. పెద్ద భుజానికి ఎదురుగా పెద్ద కోణం ఉండాలి. తప్పు జవాబులో 1000 కి ఎదురుగా 66.67, 488.87 కి ఎదురుగా 73.33 వచ్చాయి. చిన్న భుజానికి పెద్ద కోణం! అక్కడ దొరికిపోతుంది. అందుకే సైన్ నియమమే వాడాలనుకుంటే రెండు చిన్న భుజాల ఎదురుకోణాల్నే ముందు తీయమని పాత మాస్టార్లు చెప్పేవారు. త్రిభుజంలో గుంట కోణం ఉంటే ఒక్కటే ఉంటుంది, అదీ అతి పెద్ద భుజానికి ఎదురుగానే. దాన్ని ఆఖరికి వదిలేస్తే `asin` అబద్ధం చెప్పే సందర్భమే రాదు.

`acos` 0 నుంచి 180 దాకా ఇస్తుంది కాబట్టి ఈ గొడవ లేదు. ఐతే కోణం సున్నాకి గానీ 180 కి గానీ బాగా దగ్గరైతే అది కూడా తడబడుతుంది. రౌండింగ్ వల్ల లోపలి విలువ 1 ని కొంచెం దాటితే పైథాన్ `ValueError` విసురుతుంది. `atan2` కి ఈ రెండు జబ్బులూ లేవు. సైన్, కొసైన్ గుర్తులు రెండూ దాని చేతిలో ఉంటాయి కాబట్టి ఏ వైపు తిరగాలో దానికి తెలుసు. వీలున్న చోట నేను అదే వాడతాను.

మొత్తానికి నాకు అర్థమైంది ఇది. ఒక భుజం, రెండు కోణాలు ఉంటే సైన్. మూడు భుజాలు గానీ, రెండు భుజాలు మధ్య కోణం గానీ ఉంటే కొసైన్. రెండు భుజాలు, పక్కన కోణం ఉంటే కొసైన్ వర్గ సమీకరణం రాసి, రెండు జవాబులు వస్తే రెండూ పైకి చెప్పాలి. ఒకటి ఎంచుకునే హక్కు మన ఫంక్షన్‌కి లేదు. రెండు విలువలున్న లిస్టు తిరిగిచ్చి, తేల్చే కొలత ఏం కావాలో అడగాలి. లంకలో పొలం ఉన్న ఆసామికి మన `asin` ఎంచుకున్న చోటు సొంత పొలం కావచ్చు, కాకపోవచ్చు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ పొలం ఎఫ్‌ఎంబీ కాపీ ఉంటే తీసి చూడండి. ఆ జీ-లైన్ల పొడవులు మూడు తీసుకుని ఏదో ఒక మూల కోణం గట్టండి. తర్వాత గట్టు మీద నిలబడి చూడండి. కరణం గారి గొలుసు ఎంత బాగా కొలిచిందో అక్కడే తెలుస్తుంది.